బెంగళూరు హాస్పిటల్‌లో చనిపోయి, దహనం సొంతూళ్ళో జరిగితే డెత్ సర్టిఫికెట్‌కి లెటర్ ఎలా రాయాలి

ప్రశ్న: మా నాన్న నాలుగు నెలల క్రితం మారతహళ్ళిలో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో చనిపోయారు. దహనం హిందూపురం దగ్గర మా ఊళ్ళో చేశాం. ఇప్పుడు బ్యాంకు వాళ్ళు, ఎల్ఐసీ వాళ్ళు డెత్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. ఊళ్ళో పంచాయతీ సెక్రటరీ ఇక్కడ కుదరదు అన్నాడు. మేం ఉండేది బొమ్మనహళ్ళి. మున్సిపల్ ఆఫీస్‌కి లెటర్ ఏమని రాయాలి, లేట్ అయింది కాబట్టి అఫిడవిట్ కూడా చేయించాలా? హాస్పిటల్ పేపర్లలో నాన్న పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది, అదో భయం.

సమాధానం:

అఫిడవిట్ ఇప్పుడే చేయించకండి. లెటర్‌లో "ఆలస్యానికి క్షమించగలరు" అన్న లైన్ కూడా వద్దు. మీ కేసులో ఆలస్యం అయిందో లేదో ఇంకా మీకే తెలీదు, తెలుసుకోకుండా మీరే రాసిచ్చేస్తే కౌంటర్లో ఉన్నవాళ్ళు అదే నిజం అనుకుని మిమ్మల్ని వేరే క్యూలోకి తోసేస్తారు.

నేను బెంగళూరులో హాస్పిటల్ మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశానండి. అనంతపురం, చిత్తూరు, హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ చనిపోయినవాళ్ళ పిల్లలు నెలల తర్వాత ఫైలు పట్టుకుని మా కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు. దాదాపు అందరి చేతిలోనూ ఒకే రకం లెటర్ ఉండేది, ఎవరో జిరాక్స్ షాపువాడు టైప్ చేసిచ్చింది, అందులో "మా తండ్రిగారి మరణాన్ని నమోదు చేసి సర్టిఫికెట్ ఇప్పించగలరు" అని ఉండేది. తిప్పలన్నీ ఆ ఒక్క వాక్యం దగ్గరే మొదలయ్యేవి.

ఎందుకంటే చావుని రిజిస్టర్ చేయించడం ఒక పని, రిజిస్టర్ అయిపోయిన దాని కాపీ తీసుకోవడం ఇంకో పని. 1969 నాటి జనన మరణ రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇంట్లో చనిపోతే రిజిస్ట్రార్‌కి చెప్పాల్సింది ఇంటి పెద్ద, హాస్పిటల్‌లో చనిపోతే చెప్పాల్సింది హాస్పిటల్ వాళ్ళే, అది మీ పని కానే కాదు. వాళ్ళు ఫారం 2 అనే డెత్ రిపోర్ట్, దానితో పాటు చావుకి కారణం డాక్టర్ రాసిచ్చే ఫారం 4 రిజిస్ట్రార్‌కి పంపాలి, గడువు 21 రోజులు. అంటే మీ నాన్నగారి విషయంలో హాస్పిటల్ తన పని టైముకి చేసి ఉంటే నాలుగు నెలల క్రితమే రిజిస్టర్‌లో ఎంట్రీ పడిపోయి ఉంటుంది, మీకు కావాల్సింది దాని కాపీ మాత్రమే. కాపీ అడగడానికి గడువు లేదు, నాలుగు నెలలకి అడిగినా నలభై ఏళ్ళకి అడిగినా అది లేట్ కాదు. 21 రోజుల లెక్క హాస్పిటల్ రిపోర్ట్ చేయడానికి, మీరు సర్టిఫికెట్ అడగడానికి కాదు. ఇది తెలీక జనం నోటరీల దగ్గర డబ్బులు తగలేస్తుంటారు.

కాబట్టి లెటర్ రాసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. హాస్పిటల్‌కి వెళ్ళి (ఫోన్లో అయితే తిప్పుతారు, మనిషే వెళ్తే మంచిది) రిసెప్షన్‌లో కాకుండా నేరుగా మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో అడగండి. మూడు విషయాలు రాయించుకోండి: డెత్ రిపోర్ట్ ఏ తేదీన పంపారు, దాని నంబర్ లేదా రిజిస్ట్రేషన్ నంబర్ ఏంటి, అందులో పేరు, వయసు, తేదీ అచ్చంగా ఏమని పడ్డాయి. కర్ణాటకలో ఇది ఈ-జన్మ అనే ఆన్‌లైన్ సిస్టంలో ఉంటుంది కాబట్టి వాళ్ళు స్క్రీన్ మీద చూసి చెప్పగలరు. "మేము పంపేశాం సార్" అని నోటిమాటగా అంటే ఊరుకోకండి, నంబర్ అడగండి, నంబర్ లేకపోతే పంపలేదనే అనుమానించాలి. ఆ మూడో విషయం, అంటే పేరు ఎలా పడిందో, మీకు అన్నిటికంటే ముఖ్యం, కింద చెప్తాను.

ఇంకోటి, బాడీ ఇచ్చేటప్పుడు హాస్పిటల్ ఇచ్చిన కాగితాలున్నాయి కదా, డెత్ సమ్మరీ, అంబులెన్స్‌లో తీసుకెళ్ళడానికి ఇచ్చిన లెటర్, అవేవీ డెత్ సర్టిఫికెట్ కావు. కొంతమంది డెత్ సమ్మరీ మీదున్న హాస్పిటల్ స్టాంపు చూసి ఇదే సర్టిఫికెట్ అనుకుని బ్యాంకుకి తీసుకెళ్ళి వెనక్కి వస్తారు. కానీ పారేయకండి, లెటర్‌కి జత చేయడానికి, తర్వాత ఎల్ఐసీకి కూడా అవే పనికొస్తాయి. 2023లో చట్టం మార్చాక చావుకి కారణం డాక్టర్ రాసిచ్చే సర్టిఫికెట్ కాపీ దగ్గరి బంధువుకి కూడా ఇవ్వాలి, అది మీకు ఇచ్చారో లేదో చూసుకోండి, ఇవ్వకపోతే ఇదే ట్రిప్పులో అడిగి తీసుకోండి.

ఇక లెటర్ ఎవరికి రాయాలి. మీ పంచాయతీ సెక్రటరీ చెప్పింది కరెక్టే. రిజిస్ట్రేషన్ ప్రాణం పోయిన చోటే జరుగుతుంది, కాల్చిన చోటు, ఆధార్‌లో ఉన్న అడ్రస్సు, మీరు అద్దెకుంటున్న ఇల్లు, ఇవేవీ లెక్కలోకి రావు. మీరు బొమ్మనహళ్ళిలో ఉన్నా సరే బొమ్మనహళ్ళి ఆఫీస్‌కి వెళ్తే పని కాదు, హాస్పిటల్ మారతహళ్ళిలో ఉంది కాబట్టి ఆ ఏరియా చూసే రిజిస్ట్రార్ దగ్గరికే వెళ్ళాలి. పైగా పాత శాంపిల్ లెటర్లన్నిట్లో "బీబీఎంపీ కమిషనర్ గారికి" అని ఉంటుంది, 2025 సెప్టెంబర్ నుంచి బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు అయ్యాయి, సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని. మారతహళ్ళి ఈస్ట్ కిందికి వస్తుంది. కమిషనర్‌కి అసలు రాయనక్కర్లేదు, అక్కడ పడితే మీ లెటర్ ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని డిపార్ట్‌మెంట్లు తిరుగుతూ ఉంటుంది. "జనన మరణ రిజిస్ట్రార్ గారికి" అని రాయండి చాలు, ఆ కుర్చీలో హెల్త్ ఆఫీసర్ ఉన్నా ఇంకెవరున్నా చట్టం ప్రకారం ఆయన హోదా అదే.

ఈ మధ్యలో ఊళ్ళో ఎవరైనా పెద్దమనిషి "ఎందుకురా బెంగళూరు తిరుగుడు, ఇంటి దగ్గరే పోయినట్టు రాయించేద్దాం, నేను మాట్లాడతా" అంటాడు, ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. వినకండి. మీ సెక్రటరీ కుదరదన్నాడు కాబట్టి బతికిపోయారు. తప్పుడు సమాచారం ఇవ్వడం చట్టప్రకారం నేరం, అది అటుంచితే ఒకే మనిషికి రెండు చోట్ల రెండు ఎంట్రీలు పడతాయి. ఎల్ఐసీ వాళ్ళకి మీరిచ్చే హాస్పిటల్ పేపర్లేమో మారతహళ్ళి అంటాయి, సర్టిఫికెట్టేమో ఊరి పేరు అంటుంది, అక్కడ క్లెయిమ్ ఆగిందంటే ముందు ఒక ఎంట్రీ క్యాన్సిల్ చేయించాలి, అది ఇప్పటి పని కంటే పదింతలు.

సరే, లెటర్. తెలుగులో ఇస్తున్నాను, మీకు ప్రతి లైనూ అర్థం అవ్వాలని. ఇచ్చేటప్పుడు మాత్రం కన్నడలో గానీ ఇంగ్లీష్‌లో గానీ ఇవ్వండి, కౌంటర్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉంటారు కానీ ఫైలులో తెలుగు కాగితం పెడితే పైకి వెళ్ళినప్పుడు చదివేవాళ్ళు ఉండరు. పేర్లు, తేదీలు ఊహించి పెట్టినవి, మీవి వేసుకోండి.

తేదీ: 16-03-2026

వారికి,
జనన మరణ రిజిస్ట్రార్ గారికి,
(మారతహళ్ళి ప్రాంతం),
బెంగళూరు ఈస్ట్ సిటీ కార్పొరేషన్.

విషయం: 14-11-2025న మారతహళ్ళిలోని (హాస్పిటల్ పేరు)లో మరణించిన నా తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం 5 కాపీలు కోరుతూ.

అయ్యా,

నా తండ్రి గొల్లపల్లి వెంకట నారాయణప్ప 14-11-2025న రాత్రి 12 గంటల 20 నిమిషాలకు పై హాస్పిటల్‌లో చికిత్స పొందుతూ మరణించారు. ఈ మరణం గురించి హాస్పిటల్ వారు 20-11-2025న మీ కార్యాలయానికి రిపోర్టు పంపినట్టు తెలియజేశారు. రిపోర్టు నంబరు: (నంబర్). దాని ఆధారంగా ఎంట్రీ వెతికి, మరణ ధ్రువీకరణ పత్రం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

వివరాలు:
హాస్పిటల్ రికార్డులో పేరు: జి. వి. నారాయణ
ఆధార్‌లో పేరు: గొల్లపల్లి వెంకట నారాయణప్ప
పురుషుడు, వయసు 67
తండ్రి పేరు, తల్లి పేరు, భార్య పేరు: (రాయాలి)
హాస్పిటల్ ఐపీ నంబరు: (నంబర్)
మరణించే నాటికి ఉన్న చిరునామా: (బొమ్మనహళ్ళి ఇంటి చిరునామా)
శాశ్వత చిరునామా: (గ్రామం, హిందూపురం మండలం, శ్రీ సత్యసాయి జిల్లా, ఆంధ్రప్రదేశ్)

అంత్యక్రియలు స్వగ్రామంలో జరిగినందున బెంగళూరు శ్మశానవాటిక రసీదు లేదు.

జతపరిచినవి: హాస్పిటల్ డెత్ సమ్మరీ కాపీ, తండ్రి ఆధార్ కాపీ, నా ఆధార్ కాపీ, బంధుత్వం చూపే రేషన్ కార్డు కాపీ.

ఇట్లు,
(పేరు, సంతకం, మరణించినవారికి ఏమవుతారు, ఫోన్ నంబర్, చిరునామా)

ఇంతే. ఒక పేజీ దాటకూడదు. ఇందులో కొన్ని లైన్లు ఎందుకున్నాయో చెప్తాను, ఎందుకంటే మీరు వేరే కేసుకి మార్చుకునేటప్పుడు అవే పీకేస్తారు.

విషయం లైన్‌లోనే తేదీ, చోటు, కాపీ అన్న మాట మూడూ ఉండాలి. క్లర్క్ చదివేది ఆ ఒక్క లైనే, మిగతాది మీరు ఎదురుగా నిలబడి చెప్తారు. "నమోదు చేసి" అన్న మాట ఎక్కడా రాలేదు చూడండి, "ఎంట్రీ వెతికి" అని ఉంది. రిజిస్టర్‌లో వెతికించుకుని ఎంట్రీ నకలు అడిగే హక్కు సెక్షన్ 17లో ఎవరికైనా ఉంది, మనం అడుగుతున్నది అదే.

తేదీ దగ్గర జాగ్రత్త. మా దగ్గరికి వచ్చే వాళ్ళలో తేదీ తప్పు చెప్పేవాళ్ళు తక్కువేం కాదు, కారణం ఏంటంటే అర్ధరాత్రి దాటాక పోయినవాళ్ళని ఇంట్లోవాళ్ళు ముందురోజు పోయినట్టే గుర్తుపెట్టుకుంటారు. పైన నా ఉదాహరణలో చూడండి, పదమూడో తేదీ రాత్రంతా ఐసీయూ బయట కూర్చున్నారు, పన్నెండూ ఇరవైకి డాక్టర్ వచ్చి చెప్పాడు, ఇంట్లో అందరికీ అది పదమూడే, కర్మకాండ లెక్క కూడా పురోహితుడు తిథి ప్రకారం ఏదో వేస్తాడు, కానీ హాస్పిటల్ రికార్డు ప్రకారం అది పద్నాలుగు. మీరు పదమూడు అని రాస్తే సిస్టంలో కొట్టగానే "నో రికార్డ్" అని వస్తుంది, వాళ్ళు లేదని చెప్పి పంపేస్తారు, మీరేమో రిజిస్టర్ అవ్వలేదనుకుని అఫిడవిట్ల వెంట పడతారు. డెత్ సమ్మరీలో టైం చూసి రాయండి.

రెండు చిరునామాలు కావాలనే రాశాను. సర్టిఫికెట్ మీద చనిపోయేనాటి అడ్రస్, శాశ్వత అడ్రస్ రెండింటికీ వేర్వేరు గళ్ళు ఉంటాయి. హాస్పిటల్‌లో చేర్చేటప్పుడు మీరు బొమ్మనహళ్ళి అడ్రస్ ఒక్కటే ఇచ్చి ఉంటే రెండు గళ్ళలోనూ అదే పడి ఉండే ఛాన్స్ ఉంది. బ్యాంకుకి పెద్దగా పట్టదు కానీ రేపు ఊళ్ళో పొలం పాస్‌బుక్ మార్పించుకునేటప్పుడు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి తహసీల్దార్ ఆఫీస్‌కి వెళ్ళినప్పుడు "ఈయన మా ఊరాయనే అని ఏంటి గ్యారంటీ" అంటారు. ఊరి అడ్రస్ రికార్డులో ఉందా లేదా అనేది మెడికల్ రికార్డ్స్ దగ్గరే చూసుకోండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, మీరు లెటర్‌లో రాసినంత మాత్రాన సర్టిఫికెట్‌లో మారదు, ఎంట్రీలో ఏముందో అదే ప్రింట్ అవుతుంది.

శ్మశానం రసీదు లైన్ కూడా తీసేయకండి. సిటీలో దహనం చేసినవాళ్ళ దగ్గర విద్యుత్ శ్మశానం స్లిప్ ఉంటుంది, క్లర్క్‌లకి అది అడగడం అలవాటు. లేదంటే "ఎందుకు లేదు" అని మొదలుపెడతారు. ముందే ఒక వాక్యంలో చెప్పేస్తే గోల లేదు. ఊళ్ళో దహనం జరిగినట్టు పంచాయతీ నుంచి ఏదైనా కాగితం ఉంటే జేబులో పెట్టుకోండి, అడిగితేనే ఇవ్వండి, ముందే జత చేస్తే చనిపోయింది ఊళ్ళోనా ఇక్కడా అన్న కొత్త ప్రశ్న పుడుతుంది.

ఇప్పుడు పేరు సంగతి. ఇది మన తెలుగువాళ్ళకి ఇక్కడ రోజూ ఉండే బాధే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పూర్తి పేరు తర్వాత. పేషెంట్‌ని తీసుకొచ్చింది రాత్రి పూట, ఎమర్జెన్సీ కౌంటర్‌లో కుర్రాడు "పేషెంట్ నేమ్?" అంటాడు, మీరో మీ బావమరిదో కంగారులో "జి వి నారాయణ" అంటారు, వయసు అరవై ఐదో అరవై ఏడో నోటికొచ్చింది చెప్తారు, అడ్మిషన్ షీట్‌లో అదే పడుతుంది, డెత్ రిపోర్ట్‌లోకి కూడా చాలాసార్లు అదే నడిచి వెళ్ళిపోతుంది. ఐడీ కార్డ్ తెచ్చి సరిచేయించినా బిల్లింగ్‌లో మారుతుంది, మిగతా చోట్ల పాతదే ఉండిపోతుంది. అందుకే లెటర్‌లో రెండు పేర్లూ విడివిడిగా రాయించాను. హాస్పిటల్ పేరుతో వెతికితేనే ఎంట్రీ దొరుకుతుంది, ఆధార్ పేరు ఉంటేనే ఆయన ఎవరో తెలుస్తుంది.

ఇక్కడ జనం చేసేది ఏంటంటే అదే లెటర్‌లో "పేరు సరిచేసి సర్టిఫికెట్ ఇవ్వగలరు" అని కూడా కలిపేస్తారు. కలపకండి. సవరణ అనేది సెక్షన్ 15 కింద విడిగా అడగాల్సింది, దానికి ఆధారాలు చూడాలి, ఆఫీసర్ సంతృప్తి చెందాలి, ఆ మార్పుని పాత ఎంట్రీ చెరపకుండా మార్జిన్‌లో రాసి సంతకం, తేదీ వేస్తారు. రెండూ కలిపితే కాపీ కూడా సవరణ అయ్యేదాకా ఆగిపోతుంది. ముందు ఒకే ఒక కాపీ తీసుకుని చూడండి. పేరు బాగానే పడి ఉంటే అక్కడితో పని అయిపోయింది, మిగతా కాపీలు తీసుకోండి. కాబట్టి మొదటిసారి ఇచ్చేటప్పుడు పై లెటర్‌లో 5 అని రాయకుండా 1 అని రాయండి, మీ కేసుకి నేనైతే అలాగే చేస్తాను.

తప్పు పడి ఉంటే, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో చూడాలి. హాస్పిటల్ రిపోర్ట్‌లోనే "జి. వి. నారాయణ" అని వెళ్ళి ఉంటే రిజిస్ట్రార్ దగ్గర వాదించి లాభం లేదు, ఆయన వచ్చిన కాగితంలో ఉన్నదే ఎక్కించాడు. హాస్పిటల్‌కి వెళ్ళి, పేషెంట్ ఆధార్ చూపించి, "ఫలానా ఐపీ నంబర్‌తో చేరిన జి. వి. నారాయణ, ఆధార్ ప్రకారం గొల్లపల్లి వెంకట నారాయణప్ప, ఇద్దరూ ఒకరే, రిపోర్ట్‌లో పేరు పొరపాటుగా కుదించి పంపాం" అని లెటర్‌హెడ్ మీద రిజిస్ట్రార్ పేరున రాయించుకోండి. మొదట్లో ఇవ్వడానికి నసుగుతారు, మెడికల్ సూపరింటెండెంట్‌ని అడగండి. ఆ లెటర్, ఆధార్, పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ లాంటి పాత కాగితాలు, మీకు వచ్చిన కాపీ, ఇవన్నీ పెట్టి రెండో లెటర్ ఇస్తారు. అందులో విషయం లైన్ "రిజిస్ట్రేషన్ నంబరు ఫలానా, మరణ ఎంట్రీలో పేరు సవరణ కోరుతూ" అని ఉండాలి. "ఇప్పుడున్నది" అని ఒక లైన్, "ఉండవలసినది" అని కింద ఇంకో లైన్ రాయండి, కథ వద్దు. ఇంగ్లీష్ స్పెల్లింగ్ అక్షరం అక్షరం ఆధార్‌లో ఉన్నట్టే రాయండి, నారాయణప్పకి చివర ఒక "పి" వేస్తే ఒకలా రెండేస్తే ఇంకోలా, సవరణ చేయించుకున్నాక మళ్ళీ సవరణ అంటే ఎవరికీ ఓపిక ఉండదు. కన్నడలో పేరు ఎలా పడిందో కూడా చదవగలిగిన వాళ్ళతో చదివించుకోండి, సర్టిఫికెట్‌లో రెండు భాషలూ ఉంటాయి.

హాస్పిటల్ అసలు రిపోర్టే పంపలేదని తేలితే? జరుగుతుంది, స్టాఫ్ మారినప్పుడు ఫైలు పక్కన పడిపోతుంది. అప్పుడు మాత్రమే ఆలస్యం అన్న మాట వస్తుంది. ముందు ఇదే లెటర్ ఇచ్చి వెతికించండి, దొరక్కపోతే ఊరికే "లేదు పోండి" అంటే వచ్చేయకుండా నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్, అంటే ఫారం 10, రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆలస్య రిజిస్ట్రేషన్ ఫైలు దానితోనే మొదలవుతుంది. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే డిస్ట్రిక్ట్ రిజిస్ట్రార్ రాతపూర్వక అనుమతి, లేట్ ఫీజు, స్వయంగా సంతకం చేసిన పత్రం కావాలి. పాత చట్టంలో నోటరీ ముందు అఫిడవిట్ అని ఉండేది, 2023 సవరణలో దాని బదులు ఈ సెల్ఫ్ అటెస్టెడ్ పత్రం వచ్చింది, దాని నమూనా ఆఫీస్‌లోనే అడిగి తీసుకోండి, బయట టేబుల్ వేసుకుని కూర్చున్నవాళ్ళ దగ్గర కాదు. మీది నాలుగు నెలలు కాబట్టి ఈ గాటనే పడతారు. ఏడాది దాటితే డిస్ట్రిక్ట్ మేజిస్ట్రేట్ లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ఆర్డర్ తేవాలి, లేదా డీఎం ఆ పని అప్పగించిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ దగ్గర, అంటే తిరుగుడు పెరుగుతుంది. అందుకే హాస్పిటల్‌లో కనుక్కునే పని వచ్చే నెలకి వాయిదా వేయకండి. తప్పు హాస్పిటల్‌దే కాబట్టి రిపోర్ట్ ఇప్పుడు వాళ్ళే పంపాలి, ఆలస్యానికి కారణం కూడా వాళ్ళ లెటర్‌హెడ్ మీద వాళ్ళే రాయాలి. మీ లెటర్‌లో మీరు క్షమాపణ రాసి నెత్తిన వేసుకోవద్దని మొదట్లో చెప్పింది ఇందుకే.

దారిలోనే, అంబులెన్స్‌లో ప్రాణం పోయిన కేసులకి, యాక్సిడెంట్ అయి పోలీసు పంచనామా జరిగిన కేసులకి రిపోర్ట్ ఇచ్చేవాళ్ళు మారతారు, మొదటిదానికి బండి నడిపే బాధ్యత ఉన్నవాళ్ళు బండి మొదట ఆగిన చోట ఇవ్వాలి, రెండోదానికి పంచనామా చేసిన ఆఫీసర్ ఇవ్వాలి. మీకు ఆ గొడవ లేదు కాబట్టి వదిలేస్తున్నా, చదివే వేరేవాళ్ళ కోసం చెప్పాను.

లెటర్ ఇచ్చేటప్పుడు రెండు సెట్లు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి రెండోదాని మీద సీలు, తేదీ, సంతకం వేయించుకోండి. కర్ణాటక ప్రభుత్వ సకాల పథకం కింద జీఎస్‌సీ నంబర్, అంటే మీ దరఖాస్తు నంబర్, ఇస్తే ఆ స్లిప్ ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత అడిగేటప్పుడు "నా లెటర్ ఏమైంది" అనడానికీ నంబర్ చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది. ఒరిజినల్ ఆధార్, ఒరిజినల్ డెత్ సమ్మరీ చూపించడానికి తీసుకెళ్ళండి, వాళ్ళ చేతిలో వదిలి రాకండి. హాస్పిటల్ వాళ్ళు రిజిస్ట్రేషన్ నంబర్ పక్కాగా ఇస్తే ఆఫీస్‌కి వెళ్ళేముందు ఈ-జన్మ పోర్టల్‌లో ఒకసారి చూడండి, ejanma.karnataka.gov.in, నంబర్, తేదీ సరిగ్గా ఉంటే లెటర్ పని తేలికవుతుంది, కనపడకపోతే కంగారు పడక్కర్లేదు, ఆఫీస్‌లో వెతికించడమే.

ఎంత కష్టపడి తెచ్చుకున్నా సర్టిఫికెట్‌లో చావుకి కారణం ఉండదు, అది తప్పు కాదు. కారణం బయటపెట్టకూడదని చట్టమే చెప్తుంది. ఎల్ఐసీ ఏజెంట్ "ఇందులో కారణం లేదే" అని వెనక్కి పంపితే మళ్ళీ మున్సిపల్ ఆఫీస్‌కి పరిగెత్తకండి, వాళ్ళకి కావాల్సింది హాస్పిటల్ డాక్టర్ ఇచ్చే కాగితాలు. అందుకే ఆ కాపీ హాస్పిటల్ ట్రిప్పులోనే తీసుకోమన్నాను.

కాపీలు ఎన్ని అంటే, మీ నాన్నగారికి బ్యాంకు ఖాతాలు, ఎల్ఐసీ పాలసీలు, పెన్షన్ లేదా పీఎఫ్, ఊళ్ళో పొలం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఒక్కోదానికి ఒకటి చొప్పున, పైన ఒకటి ఇంట్లో దాచుకోవడానికి. బ్యాంకుల్లో చాలావరకు ఒరిజినల్ చూసి జిరాక్స్ ఉంచుకుంటారు, ఎల్ఐసీలో మాత్రం పాలసీ ఏ బ్రాంచిలో ఉందో అక్కడ ముందు అడిగి, వాళ్ళు ఒరిజినలే ఉంచుకుంటామంటే ఆ లెక్కన ఒకటి ఎక్కువ వేసుకోండి.

హాస్పిటల్‌లో నంబర్ దొరికిందో లేదో, పేరు ఏమని పడిందో ఇక్కడే రాయండి, సవరణ లెటర్ అవసరమైతే మీ వివరాలతో సరిచేసి పెడతాను. ఆధార్ నంబర్ మాత్రం ఇక్కడ పెట్టకండి.